ఫోన్‌లో మోగిన మెసేజ్ వాచీకి ఎందుకు చేరదు?

స్మార్ట్‌వాచీలు, ఫిట్‌నెస్ బ్యాండ్లు వాడేవాళ్ల నోట ఎక్కువగా వినిపించే ఫిర్యాదు ఒకటుంది. కొన్న కొత్తలో వాట్సాప్ మెసేజ్‌లన్నీ చక్కగా చేతి మీదికి వచ్చేవి, ఆ తర్వాత ఉన్నట్టుండి ఆగిపోయాయి అంటారు. అడుగులు లెక్కపెడుతోంది, టైము సరిగ్గానే చూపిస్తోంది, గుండె వేగం కూడా చెబుతోంది. మెసేజ్‌లు మాత్రం రావు. వాచీ పాడైందనుకుని దుకాణానికి తీసుకెళ్తే అక్కడివాళ్లు రీసెట్ చేసి మళ్లీ జతచేసి ఇస్తారు. కొన్నాళ్లు పనిచేస్తుంది, మళ్లీ అదే కథ. ఇలాంటి సందర్భాల్లో చాలావరకు వాచీలో లోపమేమీ ఉండదు. ఆగింది ఫోన్‌లో. అది ఎక్కడ ఆగిందో ఇంట్లో కూర్చునే తెలుసుకోవచ్చు. అందుకు ముందుగా మెసేజ్ ఏ దారిన వాచీకి చేరుతుందో అర్థం కావాలి.

మామూలు ధరల్లో దొరికే వాచీలకు, బ్యాండ్లకు వాట్సాప్‌తో నేరుగా ఎలాంటి సంబంధమూ లేదు. వాటిలో సిమ్ ఉండదు, ఇంటర్నెట్ ఉండదు. మెసేజ్ వచ్చేది ఫోన్‌కే. వాట్సాప్ దాన్ని నోటిఫికేషన్ రూపంలో ఫోన్ తెర మీద చూపిస్తుంది. వాచీ కంపెనీ ఇచ్చిన యాప్ ఒకటి మీ ఫోన్‌లో ఉంటుంది కదా, అది ఆ నోటిఫికేషన్‌ను చదివి, నకలు తీసి, బ్లూటూత్ మీదుగా వాచీకి పంపుతుంది. వాచీ చేసేదల్లా ఆ నకలును చూపించి ఒకసారి కంపించడమే. అంటే ఫోన్‌లో నోటిఫికేషన్ కనిపించాలి, వాచీ యాప్‌కు దాన్ని చదివే అనుమతి ఉండాలి, ఆ క్షణాన యాప్ మేలుకుని ఉండాలి, బ్లూటూత్ కలిసి ఉండాలి. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి తప్పినా వాచీ మౌనంగా ఉండిపోతుంది. ఎందుకు రావడం లేదో అది చెప్పలేదు, ఎందుకంటే తనకు ఒక మెసేజ్ రావలసి ఉందని దానికి తెలియనే తెలియదు.

ఈ వ్యాసంలో ఎక్కువగా ఆండ్రాయిడ్ ఫోన్ల గురించే చెబుతాను. మన దగ్గర ఎక్కువ మంది చేతుల్లో ఉన్నవి అవే, ఈ చిక్కులు ఎక్కువగా వచ్చేదీ వాటిలోనే. ఐఫోన్ పద్ధతి వేరు, దాని సంగతి చివర్లో చూద్దాం.

జతచేయడం యాప్ నుంచే

కొత్త వాచీ పెట్టె విప్పగానే చాలామంది ఫోన్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి, బ్లూటూత్ జాబితాలో వాచీ పేరు కనిపిస్తే దాన్ని నొక్కుతారు. ఇయర్‌ఫోన్లు కలిపేది అలాగే కాబట్టి ఇదీ అంతేనని అనుకుంటారు. అక్కడ కనెక్ట్ అయినట్టు చూపించినా పని జరగదు. టైము మారదు, అడుగులు యాప్‌లోకి రావు. పైగా తర్వాత యాప్ తెరిచి వెతికితే వాచీ జాబితాలో కనిపించకపోవచ్చు కూడా.

కారణం ఇది. అడుగులు, గుండె వేగం, నోటిఫికేషన్లు తిరిగేది బ్లూటూత్ లో ఎనర్జీ అనే తక్కువ కరెంటు పద్ధతిలో. 2010లో వచ్చిన బ్లూటూత్ 4.0తో ఇది మొదలైంది. చిన్న బ్యాటరీతో వాచీ రోజుల తరబడి నడవడానికి కారణం ఇదే. ఈ పద్ధతిలో వాచీ ఎవరితోనూ కలవనప్పుడు నేనిక్కడ ఉన్నానంటూ చిన్న సంకేతాలు పంపుతూ ఉంటుంది. ఒక ఫోన్ దాన్ని పట్టుకోగానే చాలా వాచీలు ఆ సంకేతాలు ఆపేస్తాయి, ఇక ఇంకెవరికీ కనిపించవు. ఇంట్లో అబ్బాయి తన ఫోన్‌తో సరదాగా జతచేసి చూసి వదిలేసిన వాచీ అమ్మ ఫోన్‌కు దొరకకపోవడం ఇందుకే. ముందు అబ్బాయి యాప్‌లో ఆ వాచీని తొలగించాలి, లేదా అతని ఫోన్ బ్లూటూత్ కాసేపు ఆపాలి.

అందుకని సరైన వరుస ఇలా ఉంటుంది. వాచీని బాగా చార్జ్ చేయాలి. పెట్టె మీదో వాచీ తెర మీదో ఉన్న క్యూఆర్ కోడ్ చూపించే యాప్‌ను ప్లే స్టోర్ నుంచే వేసుకోవాలి. బ్లూటూత్ ఆన్‌లో ఉంచి, యాప్ తెరిచి, అందులో డివైస్‌ను చేర్చే చోట వాచీని వెతకాలి. వాచీ తెర మీద కనిపించిన గుర్తునో అంకెనో ఒప్పుకోవాలి. ఇప్పటికే సెట్టింగ్స్ నుంచి కలిపేసి ఉంటే అక్కడ Forget లేదా Unpair నొక్కి తీసేశాకే యాప్‌లోకి రావాలి.

వాచీలోంచే ఫోన్ మాట్లాడే సౌకర్యం ఉన్న మోడళ్లలో మరో సంగతి గమనించాలి. మాట వినిపించడానికి తక్కువ కరెంటు దారి సరిపోదు. అందుకు ఇయర్‌ఫోన్లు వాడే పాత బ్లూటూత్ దారి కావాలి. కాబట్టి ఇలాంటి వాచీ ఫోన్‌తో రెండుసార్లు జతపడుతుంది, ఒకటి యాప్‌తో, మరొకటి నేరుగా ఫోన్‌తో. బ్లూటూత్ జాబితాలో ఒకే వాచీ రెండు పేర్లతో కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు. ఈ రెండు దారులూ వేర్వేరని గుర్తుంచుకుంటే చాలు, కాసేపట్లో దీని అవసరం వస్తుంది.

ఏ పర్మిషన్ ఎందుకు

యాప్ మొదటిసారి తెరవగానే ఒకదాని తర్వాత ఒకటి అనుమతులు అడుగుతుంది. కొందరు విసుగుతో అన్నింటికీ సరే అంటారు, కొందరు భయంతో అన్నింటికీ వద్దంటారు. ఒక్కొక్కటి దేనికో తెలిస్తే ఏది ఇవ్వాలో మనమే తేల్చుకోవచ్చు.

లొకేషన్ అడగడం చాలామందికి అనుమానం కలిగిస్తుంది. వాచీకి నేనెక్కడున్నానో ఎందుకు అంటారు. ఆండ్రాయిడ్ 6 నుంచి 11 వరకు ఉన్న ఫోన్లలో చుట్టుపక్కల బ్లూటూత్ పరికరాలను వెతకాలంటే లొకేషన్ అనుమతి తప్పనిసరి. అది కంపెనీ పెట్టిన షరతు కాదు, ఆండ్రాయిడ్ పెట్టిన నియమం. మాల్స్‌లోనూ దుకాణాల్లోనూ బ్లూటూత్ సంకేతాలు పంపే చిన్న పరికరాలు ఉంటాయి. వాటిని పట్టుకోగలిగిన యాప్‌కు మీరెక్కడున్నారో తెలిసిపోయే వీలుంది కాబట్టి గూగుల్ ఆ రెండింటినీ ముడిపెట్టింది. ఆ ఫోన్లలో అనుమతి ఇచ్చినంత మాత్రాన సరిపోదు, పైనుంచి కిందికి లాగితే వచ్చే చోట లొకేషన్ కూడా ఆన్‌లో ఉండాలి. యాప్ ఎంత వెతికినా వాచీ దొరకలేదంటే ముందు చూడాల్సింది అదే. 2021లో వచ్చిన ఆండ్రాయిడ్ 12 నుంచి ఈ పనికి Nearby devices అనే విడి అనుమతి వచ్చింది. కొత్త ఫోన్లలో దీన్ని తిరస్కరిస్తే వాచీ కలవదు. అక్కడ కూడా యాప్ లొకేషన్ అడగవచ్చు. వాతావరణం చూపించడానికి, నడిచిన దారిని మ్యాపు మీద గీయడానికి అది కావాలి.

ఫోన్, కాంటాక్ట్స్, కాల్ లాగ్ అనే మూడూ కాల్స్ కోసం. ఫోన్ మోగుతోందని తెలుసుకోవడానికి మొదటిది కావాలి. చేసిన నంబరు ఏదో తెలుసుకోవాలంటే ఆండ్రాయిడ్ 9 నుంచి కాల్ లాగ్ అనుమతి కూడా ఉండాలి. ఆ నంబరు ఎవరిదో పేరు చూపించాలంటే కాంటాక్ట్స్ కావాలి. వాచీ మీద పేరుకు బదులు అంకెలే కనిపిస్తున్నాయంటే ఆ చివరిది ఇవ్వలేదనే అర్థం చేసుకోవచ్చు. ఎస్ఎంఎస్ అనుమతి ఎక్కువగా వాచీ నుంచే చిన్న జవాబు పంపే సౌకర్యానికి అడుగుతారు. కాల్ తీయలేనప్పుడు తర్వాత మాట్లాడతానని ఒక ముక్క పంపే అలవాటు మీకు లేకపోతే దాన్ని ఇవ్వకుండా చూడండి. ఎస్ఎంఎస్ వచ్చినట్టు వాచీ మీద కనిపించడానికి చాలా యాప్‌లలో అది అక్కర్లేదు.

వీటన్నింటికీ మించినది ఇంకొకటి ఉంది, అది ఈ చిన్న పెట్టెల్లో రాదు. దాని పేరు Notification access. యాప్ మిమ్మల్ని ఫోన్ సెట్టింగ్స్‌లోని ఒక జాబితా దగ్గరికి తీసుకెళ్లి వదిలేస్తుంది. అక్కడ యాప్ పేరు వెతికి మీరే స్విచ్ వేయాలి. వేయగానే ఈ యాప్ మీ నోటిఫికేషన్లన్నీ చదవగలదని, అందులో కాంటాక్ట్ పేర్లు, వచ్చిన మెసేజ్‌లు కూడా ఉంటాయని ఫోన్ హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరిక చూసి చాలామంది వెనక్కి వచ్చేస్తారు. దాంతో వాచీ అన్నీ చేస్తుంది, నోటిఫికేషన్ తప్ప.

ఆ హెచ్చరిక అక్షరాలా నిజం. ఈ అనుమతి పొందిన యాప్ బ్యాంకు మెసేజ్‌నూ చదవగలదు, ఓటీపీనీ చదవగలదు. వాచీ పని జరగాలంటే ఇది ఇవ్వక తప్పదు, కాబట్టి జాగ్రత్త పడాల్సింది ఇచ్చేటప్పుడు కాదు, యాప్ ఎంచుకునేటప్పుడే. కొన్ని చౌక వాచీల పెట్టె మీది క్యూఆర్ కోడ్ ప్లే స్టోర్‌కు కాకుండా ఏదో వెబ్‌సైటుకు తీసుకెళ్లి ఏపీకే ఫైలు దించుకోమంటుంది. అలా వేసిన యాప్‌కు ఆండ్రాయిడ్ 13 నుంచి ఈ స్విచ్ వేయబోతే పడదు, Restricted setting అని ఒక పెట్టె వస్తుంది. యాప్ ఇన్ఫో పేజీలో పై మూలన ఉన్న మూడు చుక్కలు నొక్కి Allow restricted settings ఎంచుకుంటే ఆ అడ్డు తొలగుతుంది. అయితే అంత దాకా వెళ్లే ముందు అదే యాప్ ప్లే స్టోర్‌లో దొరుకుతుందేమో చూడండి. దొరకకపోతే ఆ వాచీలో అడుగుల లెక్కతో సరిపెట్టుకోమనే నేను చెబుతాను. ఎవరు తయారుచేశారో తెలియని యాప్ చేతికి ఓటీపీలు అప్పగించడం కంటే నోటిఫికేషన్ లేని వాచీ నయం.

వచ్చినవి ఎందుకు ఆగుతాయి

అనుమతులన్నీ ఇచ్చాక కూడా ఆగిపోయే సంగతి ఇది. మా పిన్ని ఉదాహరణతో చెబుతాను, ఎందుకంటే ఆవిడ ఫోన్‌లో కనిపించిన వరుసే చాలామంది ఫోన్లలో ఉంటుంది.

"ఏరా, ఎవరైనా ఫోన్ చేస్తే చేతి మీద గుయ్యిమంటోంది. వాట్సాప్ ఒక్కటీ రావట్లేదు. నిన్నటిదాకా బాగానే ఉందిగా, వాచీ పోయిందంటావా?" అని అడిగింది.

"ఫోన్ మోగుతోందంటే వాచీ పోలేదు పిన్నీ. ముందు వాచీ యాప్ తెరిచి చూడు, కనెక్ట్ అయి ఉందా?"

"తెరిచాను. ఏదో తిరుగుతోంది... ఇప్పుడు కనెక్టెడ్ అంది. అరే, పొద్దుటి మెసేజ్‌లు రాలేదు గానీ ఇప్పుడు మీ బాబాయి పంపింది వచ్చిందిరా!"

ఈ రెండు మాటల్లోనే జబ్బు బయటపడింది. కాల్స్ వస్తున్నాయంటే పాత బ్లూటూత్ దారి బాగుంది. అది నేరుగా ఫోన్‌తో కలిసినది, దానికి యాప్ అక్కర్లేదు. మెసేజ్‌ల దారి మాత్రం యాప్ మీదుగా పోతుంది. యాప్ తెరిచాక కొన్ని క్షణాలు తిరిగి కనెక్ట్ అయిందంటే అప్పటిదాకా అది నడవడం లేదు. తెరవగానే మెసేజ్ వచ్చిందంటే అనుమతులన్నీ సరిగ్గానే ఉన్నాయి. మిగిలింది ఒకటే, ఫోన్ ఆ యాప్‌ను వెనకాల నడవనివ్వడం లేదు. పొద్దుటి మెసేజ్‌లు వెనక్కి రావు. యాప్ నిద్రలో ఉన్నప్పుడు వచ్చి వెళ్లినవాటిని అది చాలావరకు మళ్లీ పంపదు.

బ్యాటరీ ఆదా కోసం ఆండ్రాయిడ్ వాడని యాప్‌లను అణచి ఉంచుతుంది. 2015లో ఆండ్రాయిడ్ 6తో ఈ ఏర్పాటు గట్టిపడింది. దాని మీద ఒక్కో ఫోన్ కంపెనీ తన సొంత పొదుపు పద్ధతులు కలిపింది, వాటిలో కొన్ని చాలా కఠినమైనవి. వాచీ యాప్‌ను మనం రోజూ తెరవం కదా. నోటిఫికేషన్లు చేతి మీదికి వస్తున్నంత కాలం దాన్ని చూడాల్సిన పనే పడదు. ఫోన్ దృష్టిలో అది వాడకంలో లేని యాప్. అందుకే మొదటి రోజుల్లో, అంటే మనం కొత్త మోజుతో అడుగులు చూసుకుంటూ యాప్ తెరిచే రోజుల్లో, అన్నీ బాగుంటాయి. తెరవడం మానేశాక ఆగిపోతాయి.

మా పిన్ని ఫోన్‌లో దీనికి ఇంకో అలవాటు తోడైంది. రాత్రి పడుకునే ముందు రీసెంట్ యాప్‌లన్నీ క్లియర్ చేస్తే ఫోన్ వేగంగా ఉంటుందని ఎవరో చెప్పారట. కొన్ని కంపెనీల ఫోన్లలో అలా తుడిచేస్తే వాచీ యాప్ పూర్తిగా ఆగిపోతుంది, మళ్లీ మనం తెరిచేదాకా లేవదు. మిగతా యాప్‌ల సంగతేమో గానీ వాచీ యాప్‌ను మాత్రం అలా తుడవకూడదు. రీసెంట్స్‌లో దాని కార్డును కాసేపు నొక్కి పట్టుకున్నా, కొన్ని ఫోన్లలో కిందికి లాగినా తాళం గుర్తు వస్తుంది. ఆ తాళం వేస్తే అన్నీ క్లియర్ చేసినా ఆ యాప్ మిగులుతుంది.

అసలు మందు సెట్టింగ్స్‌లో ఉంది. వాచీ యాప్ గుర్తును నొక్కి పట్టుకుని యాప్ ఇన్ఫోలోకి వెళ్లి, అక్కడ బ్యాటరీ అన్న చోట Unrestricted ఎంచుకోవాలి. షావోమీ ఫోన్లలో అదే పేజీలో Autostart స్విచ్ వేసి, బ్యాటరీ దగ్గర No restrictions పెట్టాలి. ఒప్పో, రియల్‌మీల్లో ఆటో లాంచ్, బ్యాక్‌గ్రౌండ్‌లో నడవనిచ్చే స్విచ్‌లు రెండూ ఉంటాయి, రెండూ వేయాలి. శాంసంగ్‌లో బ్యాటరీ సెట్టింగ్స్‌లోని Background usage limits తెరిచి, వాచీ యాప్ Sleeping apps, Deep sleeping apps జాబితాల్లో ఉందేమో చూసి తీసేయాలి. పేర్లు ఫోన్ వెర్షన్‌ను బట్టి కాస్త మారతాయి, అయినా వెతకాల్సిన చోటు యాప్ ఇన్ఫోలోని బ్యాటరీయే. అదే పేజీలో వాడని యాప్‌కు అనుమతులు తీసేసే స్విచ్ ఒకటి కూడా ఉంటుంది, దాన్ని ఆపేయండి. ఫోన్ సాఫ్ట్‌వేర్ పెద్దగా అప్‌డేట్ అయినప్పుడు ఈ సెట్టింగ్స్‌ను ఇంకోసారి చూడటం మంచిది. చాలామందికి వాచీ ఆగింది అప్‌డేట్ మర్నాడే.

యాప్‌ను ఇలా వదిలేస్తే బ్యాటరీ తినేస్తుందని భయపడేవాళ్లకు ఒక మాట. తక్కువ కరెంటు బ్లూటూత్ మీద ఎప్పుడో ఒక చిన్న మెసేజ్ పంపడానికి పెద్దగా ఖర్చు కాదు. మీకు నమ్మకం కుదరకపోతే రెండు మూడు రోజుల తర్వాత బ్యాటరీ వాడకం జాబితాలో ఆ యాప్ ఎక్కడుందో చూసుకోండి.

ఇంకో చిన్న సంగతి. వాచీ యాప్ ఫోన్‌లో పైన కదలకుండా ఒక నోటిఫికేషన్ చూపిస్తూ ఉంటుంది, వాచీ కనెక్ట్ అయి ఉందని. అది అడ్డంగా ఉందని చాలామంది విసుక్కుంటారు. నేను ఒక యాప్ నడుస్తున్నానని ఫోన్‌కు చెప్పుకునే పద్ధతి అది. ఆండ్రాయిడ్ 13 తర్వాతి ఫోన్లలో క్విక్ సెట్టింగ్స్ కింద నడుస్తున్న యాప్‌ల జాబితా, ఒక్కోదాని పక్కన Stop అనే బటన్ ఉంటాయి. అక్కడ వాచీ యాప్ కనిపిస్తే దాన్ని నొక్కకండి. నొక్కితే నోటిఫికేషన్ల దారి అక్కడికక్కడే మూతపడుతుంది.

యాప్ తెరిచి ఉన్నా రాకపోతే

మా పిన్ని ఫోన్‌లో జరిగినట్టు యాప్ తెరవగానే మెసేజ్ వస్తే సమస్య బ్యాటరీ దగ్గరే. యాప్ తెరిచి ఉంది, కనెక్టెడ్ అంటోంది, వాచీ బ్యాటరీ శాతం కూడా చూపిస్తోంది, అయినా మెసేజ్ రాలేదనుకోండి. అప్పుడు చూడాల్సింది Notification access. ఇక్కడ ఒక విచిత్రం ఉంది. స్విచ్ వేసే ఉంటుంది, అయినా పనిచేయదు. యాప్ అప్‌డేట్ అయినప్పుడో, ఉన్నట్టుండి మూతపడినప్పుడో ఫోన్‌కూ యాప్‌కూ మధ్య ఆ చదివే బంధం తెగిపోతుంది. స్విచ్ మాత్రం ఆన్‌లోనే కనిపిస్తూ ఉంటుంది. మందు చాలా సులువు. ఆ స్విచ్‌ను ఆపి, కొన్ని క్షణాలాగి, మళ్లీ వేయాలి. అప్పుడు ఫోన్ ఆ బంధాన్ని కొత్తగా కడుతుంది. ఫోన్ ఒకసారి ఆపి ఆన్ చేసినా ఇదే జరుగుతుంది. రీస్టార్ట్ చేస్తే బాగుపడిందని మనవాళ్లు చెప్పేది చాలాసార్లు దీని గురించే.

ఈ స్విచ్ ఎక్కడుందో దొరకక చాలామంది తంటాలు పడతారు. సెట్టింగ్స్‌లో పైన ఉండే వెతుకుపెట్టెలో Notification access అని టైపు చేయడం అన్నింటికంటే దగ్గరి దారి. కొన్ని ఫోన్లలో ఇది నోటిఫికేషన్ల పేజీలో Device & app notifications అనే పేరుతో ఉంటుంది, మరికొన్నింటిలో Special app access లోపల ఉంటుంది.

కొన్ని యాప్‌ల నుంచే వస్తూ కొన్నింటి నుంచి రాకపోతే దారంతా బాగున్నట్టే. వాచీ యాప్‌లో ఏయే యాప్‌ల నోటిఫికేషన్లు పంపాలో ఎంచుకునే జాబితా ఉంటుంది, అక్కడ ఆ యాప్ స్విచ్ వేయలేదేమో చూడాలి. కొత్తగా వేసుకున్న యాప్‌లు చాలావరకు ఆ జాబితాలో ఆఫ్‌లోనే ఉంటాయి. అక్కడా సరిగ్గానే ఉంటే ఫోన్ వైపు చూడాలి. వాట్సాప్‌లో మ్యూట్ చేసిన గ్రూపు, ఆర్కైవ్ చేసిన చాట్ ఫోన్ తెర మీదికే రావు, ఇక వాచీకి ఎలా వస్తాయి? ఇక్కడ చిన్న పరీక్ష చేయండి. ఫోన్ లాక్ చేసి పక్కన పెట్టి, ఇంకొకరి ఫోన్ నుంచి మీకు ఒక మెసేజ్ పంపమనండి. మీ ఫోన్ లాక్ తెర మీదే కనిపించకపోతే వాచీని మరిచిపోండి, వాట్సాప్ నోటిఫికేషన్లు సరిచేయండి. ఫోన్ లాక్ చేయమన్నది ఊరికే కాదు. తెర వెలిగి ఉన్నప్పుడు వాచీకి పంపకుండా ఉండే ఎంపిక కొన్ని యాప్‌లలో ఉంటుంది, ఫోన్ చేతిలో ఉన్నప్పుడు రెండు చోట్లా మోగనక్కర్లేదని. చాట్ తెరిచి పెట్టుకుని పరీక్షించినా నోటిఫికేషన్ రాదు. వాచీలో డీఎన్‌డీ, థియేటర్ మోడ్, నిద్ర మోడ్ ఆన్‌లో ఉన్నాయేమో కూడా చూడాలి. రాత్రి పదికి దానంతటదే ఆన్ అయ్యేలా పెట్టి మరిచిపోయినవాళ్లు ఎందరో.

2024లో వచ్చిన ఆండ్రాయిడ్ 15 తర్వాత కొత్తగా మరో ఫిర్యాదు మొదలైంది. మిగతావన్నీ వస్తాయి, ఓటీపీ ఉన్న మెసేజ్ దగ్గర మాత్రం వాచీ మీద Sensitive notification content hidden అని వస్తుంది. ఇది లోపం కాదు. నోటిఫికేషన్లు చదివే యాప్‌ల ద్వారా ఓటీపీలు దొంగిలించకుండా ఆండ్రాయిడ్ వాటిని దాచి ఇస్తోంది. వాచీని జతచేసేటప్పుడు ఫోనే ఒక పెట్టె చూపించి ఈ యాప్‌కు వాచీ నడిపే బాధ్యత ఇవ్వనా అని అడిగితే, మీరు ఒప్పుకుంటే, అలాంటి యాప్‌కు ఈ అడ్డు ఉండదు. పాత పద్ధతిలో తయారైన యాప్‌లకు ఉంటుంది. దీన్ని తప్పించుకునే దారులు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. వాటి జోలికి పోవద్దని నా సలహా. ఓటీపీ చూడటానికి ఫోన్ తీయాల్సిన శ్రమ చిన్నది, అది తప్పుడు చేతుల్లో పడితే జరిగే నష్టం చిన్నది కాదు.

ఇవన్నీ చూశాక కూడా దారి కుదరకపోతే అప్పుడు చేయాలి రీసెట్. అదీ రెండు వైపులా చేయాలి. యాప్‌లో వాచీని తొలగించి, ఫోన్ బ్లూటూత్ జాబితాలో Forget నొక్కి, వాచీలో ఫ్యాక్టరీ రీసెట్ చేసి మొదటి నుంచి కలపాలి. ఒకవైపే తుడిస్తే రెండో వైపు పాత తాళంచెవినే పట్టుకుని ఉంటుంది, కలవబోయి తెగిపోతూ ఉంటుంది. తొలగించే ముందు యాప్‌లో ఒకసారి సింక్ చేసుకోవడం మరవకండి, వాచీలో మిగిలిన అడుగులు, నిద్ర లెక్కలు రీసెట్‌తో పోతాయి.

ఐఫోన్ అయితే

ఐఫోన్‌లో ఇంత గొడవ ఉండదు, ఎందుకంటే అక్కడ యాప్ మధ్యలోకి రాదు. 2013లో ఐఓఎస్ 7 నుంచి ఆపిల్ నోటిఫికేషన్లను ఫోనే నేరుగా బ్లూటూత్ మీద వాచీకి ఇచ్చే ఏర్పాటు చేసింది. యాప్ నిద్రలో ఉన్నా పరవాలేదు. కాబట్టి రాకపోతే చూడాల్సిన చోటు కూడా వేరు. Settings లో Bluetooth తెరిచి, వాచీ పేరు పక్కనున్న గుండ్రటి ఐ గుర్తు నొక్కితే Share System Notifications అనే స్విచ్ ఉంటుంది. జతచేసేటప్పుడు వచ్చిన ప్రశ్నకు వద్దని నొక్కినవాళ్లకు అది ఆఫ్‌లో ఉంటుంది. ఆ తర్వాత ఒక్కో యాప్ నోటిఫికేషన్ సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్ సెంటర్‌లో చూపించే ఎంపిక ఆన్‌లో ఉండాలి. వాచీని యాప్‌లోంచి తీసేసి మళ్లీ కలపాలనుకుంటే ఈ బ్లూటూత్ పేజీలో Forget This Device కూడా నొక్కాలి, లేకపోతే మళ్లీ జతపడటం కష్టం. కొనే ముందే గుర్తుంచుకోవాల్సిన హద్దులు కూడా ఉన్నాయి. ఆపిల్ వాచీ ఐఫోన్‌తో తప్ప మరే ఫోన్‌తోనూ నడవదు. శాంసంగ్ గెలాక్సీ వాచ్ 4 నుంచి వచ్చినవి ఐఫోన్‌తో కలవవు.

డబ్బాలు కనిపిస్తే

వాచీ కంపించింది, పంపినవారి పేరూ వచ్చింది, మెసేజ్ ఉండాల్సిన చోట వరుసగా చిన్న చిన్న డబ్బాలు ఉన్నాయనుకోండి. దారి మొత్తం బాగున్నట్టే, ఏ పర్మిషనూ ముట్టుకోనక్కర్లేదు. ఆ వాచీ సాఫ్ట్‌వేర్‌లో తెలుగు అక్షరాలు లేవు. ఫోన్ తనలోని తెలుగు ఫాంటును వాచీకి ఇవ్వదు, అక్షరాల సంకేతాలను మాత్రమే పంపుతుంది. వాటిని బొమ్మగా మార్చే పని వాచీది. కొన్ని వాచీలు ఇంకోరకంగా తడబడతాయి. అక్షరాలు ఉంటాయి గానీ వాటిని కలపడం రాదు, ఒత్తులు కిందికి దిగకుండా పక్కన నిలబడతాయి, గుణింతాలు విడిపోతాయి. అమ్మ అన్న మాట కూడా చదవలేకుండా ఉంటుంది. ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు పంపుకునేవాళ్లకు ఇది ఎప్పటికీ తెలియదు. తెలుగులోనే రాసుకునే అమ్మానాన్నల కోసం కొంటే మొదటి రోజే తెలుస్తుంది.

దీనికి ఫోన్ సెట్టింగ్స్‌లో మందు లేదు. కంపెనీ వాచీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లో తెలుగు చేర్చాలి. యాప్‌లో అప్‌డేట్ ఉందేమో చూసి వేసుకోవచ్చు, వేశాక కూడా డబ్బాలే ఉంటే ఆ మోడల్‌కు తెలుగు రానట్టే లెక్క. అందుకే దుకాణంలో కొనేటప్పుడు అక్కడే ఫోన్‌తో జతచేయమని అడగండి. శ్రీకాకుళం, విజ్ఞాన్, స్త్రీ అనే మూడు మాటలు తెలుగులో టైపు చేసి ఇంకొక ఫోన్ నుంచి పంపించండి. ఆ మూడూ వాచీ మీద సరిగ్గా చదవగలిగితే మిగతా తెలుగు కూడా వస్తుంది.